ఫలితం తెలిశాక గతం ఎందుకంత తేటగా కనిపిస్తుంది?

సభకు నమస్కారం.

ఒక నిర్ణయం బెడిసికొట్టిన తరువాత, ‘ఇలా అవుతుందని నేను అప్పుడే అనుకున్నాను’ అనేవారు ఎక్కడైనా కనిపిస్తారు. వారిలో చాలామంది అబద్ధమాడటం లేదు. తాము నిజంగానే ముందుగా అలా అనుకున్నామని వారు మనస్ఫూర్తిగా నమ్ముతున్నారు. ఫలితం ముందు తెలిసి ఉండటానికి వీల్లేని చోట కూడా ఆ నమ్మకం ఎలా పుడుతుంది, అది మన నిర్ణయాలను ఎలా చెడగొడుతుంది అన్నదే ఈ ప్రసంగంలోని విషయం. మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని హైండ్‌సైట్ బయాస్ అంటారు.

దీన్ని మొదటిసారి పద్ధతిగా కొలిచినది బరూక్ ఫిష్‌హాఫ్ అనే పరిశోధకుడు, 1975లో. ఆయన ఎంచుకున్న సంఘటన 1814లో బ్రిటిష్ సైన్యానికీ నేపాల్ గూర్ఖాలకూ మధ్య మొదలైన యుద్ధం. పాల్గొన్నవారిలో ఎక్కువమందికి ఆ యుద్ధం గురించి ఏమీ తెలియదు కనుకనే ఆయన దాన్ని ఎంచుకున్నారు. యుద్ధానికి ముందున్న పరిస్థితిని ఒక చిన్న పేరాలో వివరించి, నాలుగు ఫలితాలు సాధ్యమని చెప్పారు: బ్రిటిష్ వారు గెలవవచ్చు, గూర్ఖాలు గెలవవచ్చు, ఎటూ తేలకుండా శాంతి ఒప్పందం కుదరవచ్చు, ఎటూ తేలక ఒప్పందమూ కుదరకపోవచ్చు. ఒక బృందానికి ఫలితం చెప్పకుండా, ఒక్కోదానికి ఎంత శాతం అవకాశముందో అంచనా వేయమన్నారు. మిగిలిన నాలుగు బృందాలలో ఒక్కోదానికి ఒక్కో ఫలితాన్ని ‘చివరకు జరిగింది ఇదే’ అని పేరా చివర చేర్చి, పేరాలోని వివరాలను బట్టి ఒక్కో ఫలితానికి ఎంత అవకాశం ఉండిందో చెప్పమన్నారు.

ఫలితం తెలియని బృందం బ్రిటిష్ విజయానికి సగటున 34 శాతం అవకాశమిచ్చింది. బ్రిటిష్ వారు గెలిచారని విన్న బృందం అదే విజయానికి 57 శాతం ఇచ్చింది. గూర్ఖాలు గెలిచారని విన్నవారిలోనూ ఇదే ధోరణి కనిపించింది. ఫలితం తెలియనివారు గూర్ఖాల విజయానికి ఇచ్చినది 21 శాతం కాగా, వీరు ఇచ్చినది 38 శాతం. అందరూ చదివింది ఒకే పేరా. ఫలితం తెలియనట్లే అంచనా వేయమని స్పష్టంగా అడిగిన తరువాతి ప్రయోగంలోనూ ఇదే ధోరణి కనిపించింది. చివరి వాక్యాన్ని మనసులో నుంచి తీసి పక్కన పెట్టడం వారివల్ల కాలేదు.

ఈ ప్రయోగంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఆ అంకెలు కాదు, దానితో పాటు అడిగిన మరో ప్రశ్న. పేరాలోని ఏ వివరం ఎంత ముఖ్యమైనదో కూడా చెప్పమన్నారు. ఒకే వివరం ఒక బృందానికి కీలకమైనదిగా, మరో బృందానికి పట్టించుకోనక్కరలేనిదిగా కనిపించింది. తమకు చెప్పిన ఫలితానికి దారితీసినట్లు అనిపించే వివరాలకు ప్రతి బృందమూ ఎక్కువ బరువు ఇచ్చుకుంది. అంటే ఫలితం తెలిసిన మరుక్షణమే మనసు పాత సమాచారం మొత్తాన్ని మళ్ళీ తూకం వేస్తుంది. ఫలితానికి అనుకూలమైన ఆధారాలు పైకి తేలుతాయి, ప్రతికూలమైనవి అడుగుకు చేరతాయి. ఈ పని మనకు తెలియకుండానే జరిగిపోతుంది కాబట్టి, కొత్త తూకమే మొదటి నుంచీ ఉన్న తూకమని అనుకుంటాం.

అది చరిత్ర, అపరిచిత విషయం, కాబట్టి అలా జరిగిందని ఎవరైనా అనవచ్చు. తాను స్వయంగా వేసిన అంచనా విషయంలో మనిషి అలా పొరబడతాడా? అదే సంవత్సరం ప్రచురితమైన మరో అధ్యయనంలో, రూత్ బేత్‌తో కలిసి, ఫిష్‌హాఫ్ దీన్నే పరీక్షించారు. 1972లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనా, సోవియట్ యూనియన్ పర్యటనలకు వెళ్ళబోయే ముందు, ఆ పర్యటనల్లో ఏమేమి జరిగే అవకాశం ఎంత ఉందో విద్యార్థుల చేత అంచనాలు రాయించారు. నిక్సన్ మావోను కలుస్తారా అన్నది అందులో ఒక ప్రశ్న. పర్యటనలు ముగిశాక, అప్పట్లో తాము ఏ అంకె రాశారో గుర్తుచేసుకుని మళ్ళీ రాయమన్నారు. జరిగాయని తెలిసిన వాటికి తాము నిజంగా రాసిన దానికంటే ఎక్కువ అవకాశం ఇచ్చినట్లు వారు గుర్తుచేసుకున్నారు. రాసిన కాగితం పరిశోధకుల దగ్గర ఉండబట్టి తేడా బయటపడింది. నిత్యజీవితంలో అటువంటి కాగితం ఎవరి దగ్గరా ఉండదు, అందుకే ఈ పొరపాటు ఏళ్ళ తరబడి పట్టుబడకుండా సాగుతుంది.

ఇప్పుడు పరీక్షల దగ్గరకు వద్దాం. వంద ప్రశ్నలు, ప్రతి ప్రశ్నకూ నాలుగు జవాబులలో ఒకటి ఎంచుకోవలసిన పరీక్ష రాసిన విద్యార్థిని ఊహించుకోండి. డెబ్బై మార్కులు వచ్చాయి. కీ చేతికి వచ్చాక తప్పుపోయిన ముప్పై ప్రశ్నలను చూసుకుంటాడు. చాలా ప్రశ్నల దగ్గర సరైన జవాబు కంటపడగానే, ‘అరే, ఇది నాకు తెలుసు, తొందరలో తప్పు పెట్టాను’ అనిపిస్తుంది. సరైన జవాబును చూడగానే దానికి తగిన కారణాలు గబగబా గుర్తుకొస్తాయి; అప్పట్లో తాను వేరే జవాబు వైపు మొగ్గడానికి ఉన్న కారణాలు అంత తేలికగా గుర్తుకు రావు. ఫలితంగా ఆ తప్పులన్నీ అజాగ్రత్త ఖాతాలో పడిపోతాయి. అజాగ్రత్తకు మందు ‘ఈసారి జాగ్రత్తగా రాస్తాను’ అనుకోవడమే కాబట్టి, ఆ పాఠాలను మళ్ళీ తెరవడు.

అదే విద్యార్థి పరీక్ష రాస్తున్నప్పుడే ప్రతి జవాబు పక్కన ఒక చిన్న గుర్తు పెట్టుకున్నాడనుకుందాం: కచ్చితంగా తెలిసినదానికి ఒక గుర్తు, రెండు జవాబుల మధ్య ఊగిసలాడినదానికి మరొకటి, పూర్తిగా గుడ్డిగా పెట్టినదానికి ఇంకొకటి. కచ్చితం అనుకున్నవి అరవై, వాటిలో ఒప్పులు యాభైనాలుగు. ఊగిసలాడినవి ఇరవై, వాటిలో ఒప్పులు పదకొండు. గుడ్డిగా పెట్టినవి ఇరవై, వాటిలో ఒప్పులు ఐదు. మొత్తం అవే డెబ్బై మార్కులు. కానీ ఇప్పుడు కనిపించే చిత్రం వేరు. ఊగిసలాడిన ఇరవైలో తొమ్మిది తప్పాయంటే, ఆ పాఠాల విషయంలో అతని జ్ఞానం బొమ్మా బొరుసా వేసి ఎంచుకున్నదానికి పెద్దగా తేడా లేదు. అది అజాగ్రత్త కాదు, తెలియకపోవడమే. అంతకంటే ముఖ్యమైన సంగతి, ఒప్పయిన ఆ పదకొండు కూడా అతనికి తెలిసినవి కావు. గుర్తులు లేకపోతే, ఒప్పయిన ప్రతి జవాబునూ ‘ఇది వచ్చు’ అని దాటేసేవాడు. తప్పు జవాబులను చూసి ‘తెలుసు’ అనుకోవడం ఎంత భ్రమో, ఒప్పు జవాబులను చూసి ‘తెలుసు’ అనుకోవడమూ అంతే భ్రమ. ఈ రెండో దాని గురించి ఎవరూ మాట్లాడరు, ఎందుకంటే మార్కు వచ్చిన ప్రశ్నను మళ్ళీ చూడాలని ఎవరికీ అనిపించదు. ఇక కచ్చితమనుకుని తప్పిన ఆరు ప్రశ్నలున్నాయే, అవి అన్నిటికంటే విలువైనవి. అక్కడ అతను విషయాన్ని తలకిందులుగా నేర్చుకుని ఉన్నాడు. ముందుగా చదవవలసినవి అవే.

ఉపాధ్యాయుల వైపు నుంచి ఒక్క మాట. ప్రశ్నపత్రం తయారుచేసే వ్యక్తి ప్రతి ప్రశ్ననూ జవాబు తెలిసిన స్థితిలోనే చదువుతాడు. ఆ స్థితిలో దాదాపు ప్రతి ప్రశ్నా సులువుగానే కనిపిస్తుంది. ప్రశ్న ఎంత కష్టమో తెలియాలంటే, జవాబు తెలియని మరొకరి చేత రాయించడమే నమ్మదగిన దారి.

పెట్టుబడుల్లో ఈ భ్రమ చేసే హాని కాస్త లోతైనది, అందుకే అక్కడ కొంచెంసేపు ఆగుతాను. ఒకరు ఒక కంపెనీ షేర్లు కొన్నారనుకుందాం. కొన్న రోజున అతని ముందున్న వివరాలు ఇవి: అమ్మకాలు పెరుగుతున్నాయి, కొత్త ఆర్డర్లు వచ్చాయి, అప్పులు కూడా పెరుగుతున్నాయి, వడ్డీ రేట్లు పెరిగే సూచనలున్నాయి. అన్నీ బేరీజు వేసుకుని, వచ్చే ఏడాదిలో ఈ షేరు పది శాతం నష్టానికీ ఇరవై శాతం లాభానికీ మధ్యలోనే ఉంటుందని, ఆ హద్దులు దాటే అవకాశం పదింటిలో ఒకటికి మించదని అనుకున్నాడు. ఏడాది గడిచేసరికి షేరు ఇరవై ఐదు శాతం పడిపోయింది.

ఇక్కడ అతను నేర్చుకోవలసిన పాఠం ఒకటుంది. తాను గీసుకున్న హద్దులు ఇరుకైనవేమో, ఈ షేరు తాను అనుకున్నదానికంటే ఎక్కువ ఊగుతుందేమో అని అతను అనుమానించాలి. ఆ పాఠం ఆశ్చర్యం నుంచి పుట్టాలి. కానీ పతనం కళ్ళబడగానే అప్పులూ వడ్డీ రేట్లూ అతని జ్ఞాపకంలో ముందుకు వస్తాయి, అమ్మకాలూ ఆర్డర్లూ వెనక్కి వెళ్తాయి. ‘అప్పులు చూస్తేనే తెలిసిపోతోంది, నాకు అప్పుడే అనుమానంగా ఉండింది’ అనుకుంటాడు. ముందే తెలిసిన విషయం ఆశ్చర్యం కలిగించదు. ఆశ్చర్యం లేకపోతే హద్దులను వెడల్పు చేసుకోవలసిన అవసరమూ కనిపించదు. తరువాతి పెట్టుబడికి కూడా అవే ఇరుకైన హద్దులు పెట్టుకుని, మోయగలిగిన దానికంటే ఎక్కువ డబ్బు పెడతాడు.

ఇది కేవలం తర్కంతో అల్లిన ఊహ కాదు. బ్రూనో బియే, మార్టిన్ వెబర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2009లో ప్రచురించిన పరిశోధనలో సరిగ్గా ఈ వాదననే పరీక్షించారు. లండన్, ఫ్రాంక్‌ఫర్ట్ నగరాల్లోని ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకర్లలో హైండ్‌సైట్ బయాస్ ఎంత ఉందో కొలిచి చూస్తే, అది ఎక్కువగా ఉన్నవారి పనితీరు తక్కువగా ఉందని తేలింది. ఈ భ్రమ ఉన్నవారు ధరల ఒడిదుడుకులను తక్కువగా అంచనా వేస్తారని కూడా వారు చూపారు. వృత్తి అనుభవం ఈ భ్రమను దానంతట అదే పోగొట్టదన్నది ఇక్కడ గమనించవలసిన విషయం. అనుభవం నుంచి నేర్చుకోవాలంటే ముందు ఏమనుకున్నామో సరిగ్గా గుర్తుండాలి. ఈ భ్రమ చెరిపేసేది ఆ జ్ఞాపకాన్నే.

కుటుంబ నిర్ణయాల్లో డబ్బు కంటే పెద్దది పణంగా ఉంటుంది. మనుషుల మధ్య సంబంధాలు అందులో ఉంటాయి. ఇక్కడ హైండ్‌సైట్ బయాస్‌కు దగ్గరి చుట్టమైన మరో భ్రమ కలుస్తుంది: నిర్ణయం మంచిదా చెడ్డదా అన్నది ఫలితాన్ని బట్టి తీర్పు చెప్పడం. జోనథన్ బేరన్, జాన్ హెర్షీ 1988లో చేసిన అధ్యయనంలో ఒక ఉదాహరణ ఉంది. యాభై ఐదేళ్ళ గుండె జబ్బు మనిషికి బైపాస్ ఆపరేషన్ చేస్తే నొప్పి తగ్గుతుంది, ఆయుర్దాయం పెరిగే అవకాశముంది. అయితే ఆపరేషన్ వల్ల చనిపోయే ప్రమాదం 8 శాతం. వైద్యుడు ఆపరేషన్ చేయాలని నిర్ణయించాడు. కొందరికి ఆపరేషన్ విజయవంతమైందని, మరికొందరికి రోగి చనిపోయాడని చెప్పి, వైద్యుడి నిర్ణయానికి మార్కులు వేయమన్నారు. రోగి బతికినప్పుడు వైద్యుడి ఆలోచన మెరుగైనదిగా, చనిపోయినప్పుడు లోపమున్నదిగా కనిపించింది. వైద్యుడి దగ్గరున్న సమాచారమంతా తమ దగ్గరా ఉందని వారికి తెలుసు. ఫలితాన్ని లెక్కలోకి తీసుకోవాలా అని నేరుగా అడిగినప్పుడు, తీసుకోకూడదనే అన్నారు. అయినా తీసుకున్నారు.

దీన్ని ఒక ఇంటికి అన్వయించి చూడండి. తండ్రికి అటువంటి ఆపరేషన్ చేయించాలా వద్దా అని పిల్లలు ముగ్గురూ కూర్చుని మాట్లాడుకున్నారు. పెద్ద కొడుకు చేయిద్దామన్నాడు, కూతురు కొంత సందేహించి సరేనన్నది, చిన్న కొడుకు మీ ఇష్టమన్నాడు. ఇలాంటి కుటుంబాలు వంద ఉంటే, అందరూ ఇదే నిర్ణయం తీసుకుంటే, తొంభై రెండిళ్ళలో తండ్రి క్షేమంగా తిరిగివస్తాడు, ఎనిమిదిళ్ళలో రాడు. వంద ఇళ్ళలోనూ నిర్ణయం ఒకటే, దాని వెనుక ఉన్న ఆలోచన ఒకటే. అయినా ఆ ఎనిమిదిళ్ళలో మాత్రమే పెద్ద కొడుకు దోషిగా నిలబడతాడు. కూతురి సందేహం కాలం గడిచేకొద్దీ హెచ్చరికగా మారుతుంది. ‘మీ ఇష్టం’ అన్న మాట ‘నాకు మొదటి నుంచీ ఇష్టం లేదు’ అన్నదానిగా మారుతుంది. ఎవరూ అబద్ధమాడరు. ప్రతి ఒక్కరి జ్ఞాపకమూ చివరి వాక్యాన్ని చేర్చుకుని మళ్ళీ తూకం వేసుకున్నదే. మిగిలిన తొంభై రెండిళ్ళలో ఆ సందేహం ఎవరికీ గుర్తు కూడా ఉండదు.

ఇటువంటి గొడవలు ఎందుకు ఎడతెగవో చెప్పే మరో అధ్యయనం ఉంది. ఉద్యోగాల కోత జరిగిన ఒక చోట, 1991లో మార్క్, మెలర్ అనే పరిశోధకులు ఆ కోత ముందే ఊహించదగినదా అని అడిగారు. ఉద్యోగం పోయినవారి కంటే, పోనివారికీ బయటివారికీ అది ఎక్కువ ఊహించదగినదిగా కనిపించింది. దెబ్బ తిన్నది తానైతే ‘ఎవరికి తెలుస్తుంది’ అనిపిస్తుంది, పక్కన నిలబడి చూసినవారికి ‘తెలుస్తూనే ఉంది కదా’ అనిపిస్తుంది. కుటుంబంలో నిర్ణయం భుజాన వేసుకున్నవారికీ మిగతావారికీ మధ్య జరిగేది ఇదేనని నా అభిప్రాయం. ఇద్దరికీ గతం రెండు రకాలుగా కనిపిస్తోంది. ఎవరి గొంతు పెద్దదైనా అది తేలదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ‘అప్పుడు ఎవరికీ తెలియదు’ అన్న మాటను ప్రతి తప్పుకూ కవచంగా వాడుకోకూడదు. పై ఉదాహరణలో, తండ్రికి ఒక మందు పడదని వైద్య నివేదికలో ముందే రాసి ఉండి, దాన్ని ఎవరూ చదవలేదనుకుందాం. ఆ సమాచారం అప్పుడే చేతిలో ఉంది, చదవడానికి పెద్ద శ్రమ అక్కరలేదు, చదివి ఉంటే నిర్ణయం మారేది. అది నిజమైన లోపమే. అప్పుడు అందుబాటులో ఉన్నదా, అప్పటికి దాన్ని పట్టించుకోవడానికి కారణం ఉన్నదా అన్న రెండు ప్రశ్నలకూ అవునని జవాబు వస్తే విమర్శ న్యాయమైనది. ఆపరేషన్ బల్ల మీద బయటపడిన విషయాన్ని పట్టుకుని, నెల ముందటి నిర్ణయాన్ని తప్పుపట్టడం న్యాయం కాదు.

మరి దీన్ని తగ్గించేదెలా? ఈ భ్రమ ఉందని హెచ్చరించినంత మాత్రాన, జాగ్రత్తగా ఆలోచించమని చెప్పినంత మాత్రాన ప్రయోజనం దాదాపు లేదని ఫిష్‌హాఫే 1977లో చూపారు. ఈ ప్రసంగం విన్నందువల్ల మీలో అది తగ్గుతుందని నేను మాట ఇవ్వలేను. కొంతవరకు పనిచేసినది మరో ఉపాయం: జరిగినదానికి భిన్నమైన ఫలితం వచ్చి ఉంటే, దాన్ని మనం ఎలా వివరించేవాళ్ళం అని ఆలోచించడం. షేరు ఇరవై శాతం పెరిగి ఉంటే, ‘అంత ఆర్డర్లుంటే పెరగక ఏమవుతుంది’ అనేవాళ్ళం కదా అని ఒక్కసారి రాసుకుంటే, అడుగున పడిపోయిన ఆధారాలు మళ్ళీ పైకి వస్తాయి. అయితే ఇందులోనూ ఒక మెలిక ఉంది. సన్నా, ష్వార్ట్జ్, స్టాకర్ 2002లో ప్రచురించిన ప్రయోగాల్లో, వేరే ఫలితానికి రెండు కారణాలు రాయమన్నప్పటి కంటే పది రాయమన్నప్పుడు భ్రమ ఎక్కువగా కనిపించింది. పది కారణాలు వెతకడం కష్టం కాబట్టి, ఆ కష్టాన్ని మనసు ‘అలా జరగడం అసాధ్యం, అందుకే కారణాలు దొరకడం లేదు’ అని అర్థం చేసుకుంటుంది. కనుక రెండు కారణాల దగ్గర ఆగిపోవడమే మేలు.

అన్నిటికంటే గట్టి ఆధారం ఫలితం తెలియకముందు రాసిన కాగితం. పరీక్షలో అది జవాబు పక్కన గుర్తు. పెట్టుబడిలో అది కొన్న తేదీ, కొనడానికీ కొనకపోవడానికీ కనిపించిన కారణాలు, లాభనష్టాల హద్దులు. ‘బాగుంటుందనిపిస్తోంది’ అని రాస్తే పనికిరాదు. ఆ మాటను తరువాత ఎటైనా తిప్పుకోవచ్చు. అంకె రాస్తే తిప్పుకోవడానికి వీలుండదు.

కుటుంబ నిర్ణయానికి ఒక ఇబ్బంది ఉంది. ఇరవై ప్రశ్నల్లో ఎన్ని తప్పాయో లెక్కపెట్టినట్లు, తండ్రి ఆపరేషన్ల సగటు లెక్కపెట్టలేం. అది ఒక్కసారే జరుగుతుంది, ఒక్క ఫలితమే వస్తుంది, ఆ ఒక్క ఫలితం నిర్ణయం మంచిదో కాదో దాదాపు ఏమీ చెప్పదు. అందుకే అక్కడ రాసిపెట్టవలసింది వేరు: వైద్యులు చెప్పిన ప్రమాదం ఎంత, ఆపరేషన్ చేయించకపోతే ఉండే ప్రమాదం ఎంత, ఏ విషయం తెలియక సందేహంగా ఉంది, దాన్ని తెలుసుకోవడానికి ఎవరిని అడిగాం, ముగ్గురిలో ఎవరు ఏమన్నారు. ముఖ్యంగా ‘మీ ఇష్టం’ అన్నవారి చేత ఆ రోజే అవుననో కాదనో ఒక మాట, దానికి ఒక కారణం రాయించాలి. ఆ కాగితం మీద ముగ్గురూ తమ తమ చేతిరాతతో రాయడం మంచిది. ఏడాది తరువాత దాన్ని తెరిచినప్పుడు, ప్రతివారూ ముందుగా చదువుకోవలసింది తమ చేతిరాతనే.